రెండు ప్యాకెట్లు పక్కపక్కన

మా అన్నయ్య గోడౌనులోకి పిల్లి రావచ్చు, ఎలుక రావచ్చు, కప్పు కారితే వాన కూడా రావచ్చు. గప్పీ ప్యాకెట్టు మాత్రం రాకూడదు. ఒకసారి హమాలీ ఒకడు భోజనాల వేళ గప్పీ ప్యాకెట్టు విప్పుకుని కూర్చుంటే అన్నయ్య దాన్ని లాక్కుని వీధిలోకి విసిరేశాడు. తినే తిండి లాక్కున్నందుకు ఆ హమాలీ మళ్ళీ పనిలోకి రాలేదు. అందుకు అన్నయ్య బాధపడ్డట్టు కూడా నాకు కనిపించలేదు.

విషయమేమిటంటే, అన్నయ్య టుంకీకి డిస్ట్రిబ్యూటరు. టుంకీ అంటే కారం రింగులు. వీధికి అవతల, సరిగ్గా ఎదురు షట్టరులో, మా తమ్ముడు గప్పీకి డిస్ట్రిబ్యూటరు. అవి కారం పుల్లలు. రెండింటికీ రుచిలో తేడా చెప్పమంటే నా వల్ల కాదు గానీ, ఆ తేడా పేరు చెప్పుకుని మా వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడటం మానేశారు.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే గోడౌనులో టుంకీయే అమ్మేవారు. ఒక వానాకాలం పెట్టెల లెక్క తగ్గింది. అన్నయ్య ముందూ వెనకా చూడకుండా, కొట్లవాళ్ళు నలుగురు నిలబడి ఉండగా, తమ్ముణ్ణి దొంగ అన్నాడు. తరవాత ఆ పెట్టెలు తడిసి ఉబ్బిపోయి వెనక గోడ మూల బయటపడ్డాయి. పెట్టెలు దొరికాయని అందరికీ చెప్పాడు గానీ, అన్న మాట తప్పని ఎవరికీ చెప్పలేదు. తమ్ముడు వీధి దాటి వెళ్ళి గప్పీ తెచ్చుకున్నాడు.

ఇద్దరికీ మధ్య మిగిలింది నేను. పెళ్ళి గోల పెట్టుకోకుండా అన్నయ్య ఇంటి మేడ మీద గదిలో ఉంటాను. పగలు ఒక ఆడిటరు ఆఫీసులో కంపెనీల రిటర్నులు దాఖలు చేస్తాను. సాయంత్రం 'వాడితో చెప్పు', 'ఆయనతో చెప్పు' అనే మాటలు అటూ ఇటూ మోస్తాను. జీతమిచ్చే పని నయం, దానికి ఆదివారం సెలవుంటుంది.

ఆ ఆదివారం అన్నయ్య కూతురు మెట్లు దడదడలాడించుకుంటూ వచ్చింది. తొమ్మిదో తరగతి. మాటకి మాట తక్షణం పేలుతుంది కాబట్టి ఇంట్లో దాని పేరు టపాసు. చంకలో పుస్తకం, చేతిలో టుంకీ ప్యాకెట్టు, కళ్ళనిండా నీళ్ళు. ఏడుపు కాదది, ఒళ్ళుమంట.

బళ్ళో సోషల్ టీచరు ఒక పని ఇచ్చిందట. మీకిష్టమైన చిరుతిండి ఎవరు తయారుచేస్తారు, ఆ కంపెనీ ఎవరిది, కనుక్కుని రాయాలి. బాగా రాసినవాళ్ళది ప్రదర్శనలో పెడతారు. దీనికి కనుక్కునేదేముందని వాళ్ళ నాన్న అన్నాడట, టుంకీ మనదే అని రాసెయ్యమన్నాడట. ఇది అలాగే రాసింది. టీచరు క్లాసులో చదివి వినిపించి, తప్పని కొట్టేసింది. అందరికంటే ముందు నవ్వింది తాబేలు.

తాబేలు మా తమ్ముడి కూతురు. అదే క్లాసు. నిదానం మనిషి, కానీ నవ్వాల్సినప్పుడు ఆలస్యం చేయదు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే బెంచి. ఇప్పుడు అటు గోడ వైపు ఒకతి, ఇటు గోడ వైపు ఒకతి.

"టుంకీ మనది కాదా అత్తా?" అంది టపాసు.

"మీ నాన్న బోర్డు మీద రాసుకున్నాడు గానీ, కాదు," అన్నాను. "మీ నాన్న కొని కొట్లకి అమ్ముతాడు. ప్యాకెట్టు వెనక్కి తిప్పు."

తిప్పింది. పుట్టినప్పటి నుంచీ టుంకీ తింటూ పెరిగిన పిల్ల, ముందున్న బొమ్మ తప్ప వెనకవైపు ఎప్పుడూ చదవలేదు. దాన్నని ఏం లాభం, వాళ్ళ నాన్న కూడా వెనక చూసేది ధర, తేదీ, బ్యాచి నంబరు మాత్రమే. అంతకు మించి ఆయనకి అవసరం పడలేదు.

చిన్న అక్షరాలు దాని చేతే చదివించాను. తయారుచేసింది అని ఒక కంపెనీ పేరు, ఊరు, లైసెన్సు నంబరు ఉన్నాయి. మార్కెట్ చేసేది అని ఇంకో కంపెనీ పేరుంది. రెండు పేర్లేమిటి, ఇందులో ఎవరు నిజం అని నిలదీసింది. ఇద్దరూ నిజమేనన్నాను. పెద్ద కంపెనీలు చాలాసార్లు తమ తిండి తాము వండవు. ఫ్యాక్టరీ ఉన్నవాడితో వండించి, ప్యాకెట్టులో పోయించి, తమ పేరు వేయించుకుంటాయి. దర్జీ కుట్టినంత మాత్రాన చొక్కా దర్జీది కాదు కదా. ఒకటికంటే ఎక్కువ ఫ్యాక్టరీల్లో చేయిస్తే అన్నిటి చిరునామాలూ అచ్చువేసి, చేతిలో ఉన్న ప్యాకెట్టు ఎక్కడిదో బ్యాచి నంబరు మొదటి అక్షరాన్ని బట్టి చూసుకోమంటారు. టుంకీ వెనక అలాగే ఉంది. దీని ప్యాకెట్టు బి అక్షరంది. బి ఎదురుగా ఉన్న చిరునామా వేలు పెట్టి వెతికి పట్టుకుంది.

"ఇంకా యజమాని ఎవరో రాలేదు," అంది విసుగ్గా.

"ప్యాకెట్టు అంతవరకే చెబుతుంది. మిగతాది నా ఆఫీసులో. రేపు బడి అయ్యాక రా."

వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి, గప్పీది కూడా కనుక్కోవచ్చా అని అడిగింది. ఎందుకే అంటే, తాబేలు వాళ్ళది ఏదో పనికిమాలిన కంపెనీ అని తేలితే క్లాసులో చదువుతానంది. దాని మొహంలో అచ్చం మా అన్నయ్య కనిపించాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా వద్దనలేదు. తెలుసుకోవాలన్న కోరిక దేని వల్ల పుట్టినా పుట్టనీ అనుకున్నాను.

అసలు ఆ రోజుల్లో నా మనసంతా ఇంకో గొడవ మీద ఉంది. టుంకీ ఏరియా మేనేజరు ఒకడున్నాడు. ఎండాకాలంలో కూడా టై విప్పడు. వాడు అన్నయ్య దగ్గరకొచ్చి ఒక కాగితం పెట్టాడు. తమ్ముడు సరుకు వేసే కొట్లన్నిటికీ కొన్నాళ్ళపాటు టుంకీ అడ్డగోలు తగ్గింపుకి ఇవ్వాలి, తేడా కంపెనీ భరిస్తుంది, కొట్లవాళ్ళు గప్పీ పెట్టడం మానేస్తే ఊరంతా అన్నయ్యకే. సోమవారం సాయంత్రం సంతకం. అన్నయ్య పెన్ను ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడు. ఆ సంతకం పడితే తమ్ముడు షట్టరు దించుకోవాల్సిందే, వాడికి మరో ఆధారం లేదు. ఆ మాట చెబితే అన్నయ్య నావైపు కూడా చూడకుండా, నీ రిటర్నులు నువ్వు చూసుకో అన్నాడు.

సోమవారం టపాసు మా ఆఫీసుకొచ్చింది. సంచిలోంచి నిన్నటి టుంకీ తీసి, దాంతోపాటు ఒక గప్పీ ప్యాకెట్టు తీసింది. గప్పీది తాబేలుతో మార్చుకుందట. మాటల్లేవు, బల్ల మీద ఇది ఇంకో టుంకీ పెట్టింది, అది గప్పీ పెట్టింది, ఒకరిది ఒకరు తీసుకుపోయారు. శత్రుదేశాలు ఖైదీల్ని మార్చుకున్నట్టు.

నా బల్ల మీద రెండు ప్యాకెట్లూ పక్కపక్కన పెట్టింది. మా కుటుంబంలో ఆ పని అంతకు ముందు ఎవరూ చేయలేదు. వెనక్కి తిప్పింది. కాసేపు చదివి, నా చెయ్యి పట్టుకుని గుంజింది. తయారుచేసిన ఫ్యాక్టరీ ఒకటే. అదే చిరునామా, అదే లైసెన్సు నంబరు.

"రెండూ ఒకడివే," అంది.

"నోరు మూసుకో," అన్నాను. "ఒకే మరలో పిండి పట్టించినంత మాత్రాన రెండిళ్ళ పిండి ఒకరిదవుతుందా? ఆ ఫ్యాక్టరీవాడు ఎవరు డబ్బిస్తే వాళ్ళకి చేస్తాడు. మార్కెట్ చేసే కంపెనీలు చూడు, వేరు వేరు. తేలకుండా మాట తేల్చేస్తే మీ నాన్నలా అవుతావు."

అది మొహం మాడ్చుకుంది గానీ కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొదట ట్రేడ్‌మార్కుల రిజిస్టరు తెరిచాను. ఎవరైనా ఇంటి దగ్గర కూర్చుని చూడవచ్చు, ఉచితం. టుంకీ అని కొడితే ముందు ఒక సబ్బు వచ్చింది. సబ్బువాడూ మనవాడేనా అంది. కాదు, వస్తువుల్ని తరగతులుగా విడగొడతారు, ఒకే పేరు సబ్బుల్లో ఒకరికి, తిండిలో ఇంకొకరికి ఉండవచ్చు, మనకి తిండి తరగతి కావాలి అని చూపించాను. అక్కడ టుంకీ పేరు హక్కుదారుగా ప్యాకెట్టు మీది మార్కెటింగ్ కంపెనీయే ఉంది. గప్పీకి దాని కంపెనీ ఉంది.

తరవాత కంపెనీల రిజిస్టరు. నేను రోజూ తవ్వే గని అదే. టుంకీ కంపెనీ పేరు కొట్టగానే డైరెక్టర్ల పేర్లొచ్చాయి. దొరికారు యజమానులు అని టపాసు రాసుకోబోయింది. పెన్ను లాక్కున్నాను. డైరెక్టరు కంపెనీని నడిపేవాడు. బస్సు నడిపేవాడిది బస్సు కావచ్చు, కాకపోవచ్చు. యజమాని ఎవరో తెలియాలంటే వాటాలు ఎవరి పేరున ఉన్నాయో చూడాలి. అది ఏటా దాఖలు చేసే రిటర్నుతోపాటు జతచేసిన వాటాదారుల జాబితాలో ఉంటుంది. దానికి చిన్న రుసుము కడితే కాపీ దించుకోవచ్చు. కట్టాను.

టుంకీ కంపెనీ వాటాలన్నీ ఇంకో కంపెనీవి. దాన్ని మేం హోల్డింగ్ కంపెనీ అంటాం. పిల్ల ఆ పెద్ద కంపెనీ పేరు నోట్సులో రాసుకుని కింద గీత గీసింది.

ఇప్పుడు గప్పీ. ముందటేడాది రిటర్నులో ఎవరో ఒక కుటుంబం, తల్లీ కొడుకుల పేర్లున్నాయి. చూశావా, వేరే అన్నాను. తాజా రిటర్ను దించాను. తల్లీ లేదు, కొడుకులూ లేరు. వాటాలన్నీ ఒక్క కంపెనీ పేరున. టపాసు తన నోట్సులో గీత గీసిన పేరు మీద వేలు పెట్టి, తెర మీద పేరుతో అక్షరం అక్షరం పోల్చింది. ఈసారి ఏమీ అనలేదు. నన్ను చూసింది.

నేనే మళ్ళీ చూశాను. పేరు ఒకటే కాదు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఒకటే. పేర్లు కలవవచ్చు, నంబరు కలవదు. ఆ పెద్ద కంపెనీ గప్పీని కొనేసింది. ప్యాకెట్టు మారలేదు, బొమ్మ మారలేదు, గప్పీ అమ్మే మార్కెటింగ్ కంపెనీ పేరు కూడా మారలేదు. దాని వెనక యజమాని మాత్రమే మారాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని కోపం.

పిల్ల వదల్లేదు. ఆ పెద్ద కంపెనీ ఎవరిది అని అడిగింది. అది స్టాకు మార్కెట్లో ఉన్న కంపెనీ. అలాంటివాటి వాటాల వివరాలు మార్కెట్టు వెబ్‌సైటులో మూణ్ణెల్లకోసారి పెడతారు, ఎవరైనా చూడవచ్చు. చూపించాను. స్థాపించిన కుటుంబానికి పెద్ద భాగం, మ్యూచువల్ ఫండ్లకి కొంత, బీమా సంస్థలకి కొంత, మిగిలింది వేలమంది చిన్నచిన్న మనుషులది. ఇదంతా ఆ తేదీకి మాత్రమే, రేపు ఎవరైనా అమ్ముకోవచ్చు, అందుకని తేదీ కూడా రాయి అన్నాను. రాసింది.

"ఇంతమందిదా," అంది. తరవాత ప్యాకెట్లకేసి చూస్తూ, "మరి నాన్న ఎవరితో కొట్లాడుతున్నాడు?"

"మీ బాబాయితో. అది ఏ రిజిస్టరులోనూ ఉండదు."

ఆఫీసు తాళం వేసి ఇద్దరం పరుగులాంటి నడకతో గోడౌనుకి వెళ్ళాం. టై మనిషి అప్పటికే కూర్చుని ఉన్నాడు. కాగితం బల్ల మీద, పెన్ను అన్నయ్య చేతిలో. నేను నోరు తెరిచేలోపు టపాసు పోయి ఆ కాగితం మీదే రెండు ప్యాకెట్లూ పెట్టింది.

అన్నయ్యకి ముందు కనిపించింది గప్పీ. మొహం ఎర్రబడింది. కూతురని కూడా చూడకుండా చెయ్యెత్తాడు. ఆ చెయ్యి నేను పట్టుకున్నాను. మా నాన్న పోయాక ఇన్నేళ్ళలో అన్నయ్య మీద చెయ్యి వేయడం అదే మొదలు.

"నీ కూతురు చెప్పేది విను. విన్నాక ఇద్దర్నీ కొట్టు," అన్నాను.

టపాసు చెప్పింది. నేను నేర్పిన వరసలోనే, తడుముకోకుండా. ఫ్యాక్టరీ ఒకటైతే యజమాని ఒకడని కాదని కూడా చెప్పింది. వాటాల దగ్గరకి వచ్చేసరికి నోట్సు తీసి రెండు కంపెనీల కిందా రాసిన ఒకే నంబరు చూపించింది. అన్నయ్య నంబరు చూడలేదు, టై మనిషిని చూశాడు. వాడు గొంతు సవరించుకుని, గ్రూపు ఒకటే అయినా విభాగాలు వేరు సార్, పోటీ ఉంటేనే అమ్మకాలు పెరుగుతాయి సార్ అన్నాడు. నాకు వాడి టై పట్టుకుని లాగాలనిపించింది.

అన్నయ్య గప్పీ ప్యాకెట్టు తీసుకుని లేచాడు. వీధి దాటాడు. మేం వెనక వెళ్ళాం. ఎదుటి షట్టరు ముందు తమ్ముడు పెట్టెలు దింపించుకుంటున్నాడు. తాబేలు స్టూలు మీద కూర్చుని, మార్చుకున్న టుంకీ తింటోంది. మమ్మల్ని చూసి ప్యాకెట్టు వెనక దాచుకుంది. అక్కడా అదే నిషేధమన్నమాట.

"నీ కంపెనీ, నా కంపెనీ ఒకడిదే," అన్నాడు అన్నయ్య. పలకరింపు లేదు, పేరు లేదు. ఇన్నాళ్ళకి వాడితో అన్న మొదటి మాట అది.

తమ్ముడు పెట్టె కింద పెట్టి నిదానంగా చేతులు దులుపుకున్నాడు.

"నాకు తెలుసు. కొన్నప్పుడే మా మేనేజరు చెప్పాడు. మీ అన్నకీ తెలుసు, తెలిసే నీ కొట్లు అడుగుతున్నాడని కూడా చెప్పాడు."

"నాకు తెలీదు."

"తెలీదా?" తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వులో మంచితనం లేదు. "ఇన్ని నెలలూ నువ్వు తెలిసే నా గొంతు మీద కాలు పెట్టావనుకున్నాను."

"నన్నడగొచ్చు కదా."

"దొంగ ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు అన్నయ్యా?"

అన్నయ్య చేతిలో గప్పీ ప్యాకెట్టు నలిగింది.  ఒక్క మాట చాలు, ఇప్పుడు, ఇక్కడ. హమాలీలు కూడా పెట్టెలు ఆపేసి చూస్తున్నారు. దొంగ అన్నది నలుగురి ముందే, నలుగురి ముందే వెనక్కి తీసుకోవచ్చు. అన్నయ్య పెదవులు కదిలాయి. మాట రాలేదు. వెనక్కి తిరిగి వీధి దాటేశాడు. ఆ క్షణాన మా అన్నయ్యని నేను అసహ్యించుకున్నాను, ఉన్నమాట చెబుతున్నాను.

గోడౌనులో టై మనిషి కాగితాన్ని సరిచేసి మళ్ళీ అన్నయ్య ముందుకు జరిపాడు. మీరు సంతకం పెట్టకపోతే ఊరు మీ తమ్ముడికి పోతుంది సార్, ఆయన దగ్గర కూడా ఇలాంటి కాగితమే ఉంది అన్నాడు. బెదిరింపు అనుకుని అన్నాడు. ఒకే కంపెనీ ఇద్దరికీ చెరో కాగితం ఇచ్చిందని తన నోటితోనే ఒప్పుకున్నట్టు, అన్న తరవాత గానీ వాడికే అర్థం కాలేదు.

అన్నయ్య కాగితాన్ని వాడివైపు తోసేశాడు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఇలా చేస్తే కంపెనీ ఊరుకోదు సార్," అన్నాడు వాడు.

"ఏ కంపెనీ?" అన్నాడు అన్నయ్య. "ప్యాకెట్టు వెనక్కి తిప్పి పేరు చదువు."

వాడు చదవలేదు. సంచి తీసుకుని వెళ్ళిపోయాడు. వాడి కాళ్ళు ఎదుటి షట్టరు వైపు తిరిగాయి. అక్కడ తమ్ముడు వాడు రావడం చూసి, మిగిలిన పెట్టెల్ని లోపలికి తోసి, షట్టరు దించేశాడు. వాడు వీధి మధ్య నిలబడిపోయాడు.

అన్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. గప్పీ ప్యాకెట్టు ఇంకా చేతిలోనే ఉంది, విసిరేయలేదు. మడతలు సాపుచేసి బల్ల మీద టుంకీ పక్కన పెట్టాడు. నావైపు చూడకుండా అన్నాడు.

"ఆ పెట్టెలు వానకే తడిశాయని వాడితో చెప్పు."

జీవితంలో ఎన్నో మాటలు మోశాను. ఇది మోయనన్నాను. ఇది నువ్వే మోసుకెళ్ళు, నలుగురూ ఉన్నప్పుడు వెళ్ళు అన్నాను. ఆయన ఆ రోజు వెళ్ళలేదు. మర్నాడూ వెళ్ళలేదు.

బడి ప్రదర్శన రోజున టపాసు, తాబేలు ఒకే బల్ల దగ్గర నిలబడ్డారు. ఒకరితో ఒకరికి మాటలు లేవు, మధ్యలో రెండు ప్యాకెట్లు బోర్లా పెట్టి ఉన్నాయి, ఒకతి ఫ్యాక్టరీ దాకా చెబితే రెండోది వాటాల గురించి చెబుతోంది. తమ్ముడు ముందే వచ్చి ఒక చివర నిలబడ్డాడు. అన్నయ్య ఆలస్యంగా వచ్చాడు. చుట్టూ తల్లిదండ్రులు, టీచర్లు, వాళ్ళలో మా వీధి కొట్లవాళ్ళు కూడా ఉన్నారు. అన్నయ్య వాళ్ళందర్నీ ఒకసారి చూసి, తమ్ముడున్న చివరికి నడవడం మొదలుపెట్టాడు. తమ్ముడు పక్కకి జరగలేదు. చేతులు కట్టుకుని, మొహం గట్టిగా పెట్టుకుని, ఆ మాట కోసం నిలబడ్డాడు.